మెచ్చుకోలు మరొకరికి చేరినప్పుడు

పని చేసింది ఒకరైతే బృందమంతా చూసే చాట్‌లో మేనేజరు మెచ్చుకున్నది మరొకరిని కావడం నేటి కార్యాలయాల్లో, ముఖ్యంగా హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల సాఫ్ట్‌వేర్ సంస్థల్లో, తరచుగా జరిగేదే. అయినా ఆ పొరపాటును ఎలా సరిదిద్దాలో ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పరు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఆ బాధను గుర్తిస్తుందే తప్ప, బాధపడ్డ మనిషి ఆ మధ్యాహ్నం ఏం రాయాలో చెప్పదు. రాస్తే ‘ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా’ అంటారేమోనన్న జంకు, రాయకపోతే పేరు అలాగే మరొకరి ఖాతాలో ఉండిపోతుందన్న దిగులు రెండూ ఒకేసారి కలుగుతాయి. సవరణ చిల్లరగా తోచడమూ, హుందాగా తోచడమూ రాసేవారి స్వభావం కంటే ఎక్కువగా రెండు విషయాలపై ఆధారపడతాయని, సంభాషణను శాస్త్రీయంగా అధ్యయనం చేసినవారి పరిశీలనల సాయంతో చూపవచ్చు. ఆ మాట చదివేవారికి పని విషయంలో ఏమైనా అక్కరకు వస్తుందా అన్నది మొదటిదైతే, పొరపాటు పడినవారు తమంతట తాము దిద్దుకునే వీలును అది మిగిల్చిందా అన్నది రెండవది.

బృంద చాట్ అంటే స్లాక్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ వంటి వేదికల మీద ఒక బృందం రోజంతా మాట్లాడుకునే చోటు. అందులో ఒక విషయానికో ఒక బృందానికో కేటాయించిన గదిని ఛానెల్ అని, ఒక సందేశం కింద వరుసగా చేరే జవాబుల పాయను థ్రెడ్ అని అంటారు. నోటిమాటకు లేని లక్షణం ఒకటి ఈ చాట్‌కు ఉంది. అక్కడ అన్న మాట నిలిచి ఉంటుంది, మూడు నెలల తర్వాత ఎవరైనా వెతికితే మళ్లీ దొరుకుతుంది. ఆ రోజు చూడని పై అధికారి ఏడాది చివర పనితీరు సమీక్ష రాసేటప్పుడు చూడవచ్చు, కొత్తగా చేరిన ఉద్యోగి ఫలానా పని ఎవరికి తెలుసో కనుక్కోవడానికి దాన్నే తిరగేయవచ్చు. కాబట్టి అక్కడ పడిన తప్పు పేరు మనసు నొప్పించి ఊరుకోదు, ఆ తర్వాత వచ్చే ప్రశ్నలన్నింటినీ ఆ పని తెలియని మనిషి దగ్గరికే పంపుతుంది.

పొరపాటు ఎక్కడ పుడుతుంది

మేనేజరు పేరు తప్పుగా రాసినప్పుడు అందులో దురుద్దేశం ఉందని ముందే అనుకోవడం సహజమే అయినా చాలా సందర్భాల్లో అది నిజం కాదు. పది పన్నెండు మంది పనిని చూసే మేనేజరు ఏ పని మీదా మొదటి నుంచి చివరి దాకా నిలబడి ఉండలేరు; పని ముగిసినప్పుడు ఏ పేరు కంటబడితే ఆ పేరే వారికి గుర్తుంటుంది. ఆ పేరు చాలాసార్లు పనిని తలకెత్తుకుని చేసినవారిది కాకుండా చివర ముట్టుకున్నవారిది అవుతుంది. పనులను నమోదు చేసే జీరా వంటి వ్యవస్థలో ప్రతి పనికీ ఒక టికెట్ ఉంటుంది, దానిమీద ప్రస్తుతం ఎవరి బాధ్యతలో ఉందో తెలిపే పేరు ఒక్కటే పైన కనిపిస్తుంది. మూడు వారాలు ఒకరి చేతిలో ఉండి ఆఖరి రోజున మరొకరి చేతికి మారిన టికెట్ మీద ఆ ఆఖరి పేరే మిగులుతుంది. పాత పేరు కావాలంటే టికెట్ చరిత్రలోకి వెళ్లి చూడాలి.

ప్రోగ్రాముల మార్పులను భద్రపరిచే గిట్ వ్యవస్థలోనూ ఇలాంటి మెలిక ఒకటుంది. అందులో ప్రతి మార్పును కమిట్ అంటారు. ఒక్కొక్క కమిట్‌కు మార్పును రాసినవారి పేరు, దాన్ని భండారంలోకి చేర్చినవారి పేరు అని రెండు పేర్లు విడివిడిగా నమోదవుతాయి. ఆ రెండూ కింది ఆదేశంతో కనిపిస్తాయి.

```
git log -1 --format='%an / %cn'
```

ఇందులో మొదటిది రాసినవారి పేరు, రెండవది చేర్చినవారి పేరు. ఒకరు రాసిన కమిట్‌ను మరొకరు `git cherry-pick` ద్వారా వేరే శాఖలోకి తెస్తే రాసినవారి పేరు పోకుండా ఉంటుంది. అదే పనిని `git merge --squash` తో అనేక కమిట్లను ఒక ముద్దగా చేసి, ఆపై కొత్తగా కమిట్ చేస్తే మాత్రం రెండు చోట్లా ఆ రెండో మనిషి పేరే పడుతుంది. ఎవరూ ఎవరి పేరూ తుడిచేయాలని అనుకోకుండానే, ఒక సాధారణమైన ఆదేశం వల్ల అసలు పేరు రికార్డులో లేకుండా పోతుందన్నమాట. కమిట్ సందేశం చివర `Co-authored-by:` అనే వరుస చేర్చి అసలు రచయిత పేరు రాసే ఆనవాయితీ ఇలాంటి చోట అక్కరకు వస్తుంది, కానీ విడుదల హడావుడిలో దాన్ని మరిచిపోయేవారే ఎక్కువ.

యంత్రాలు ఇలా ఉంటే మనిషి జ్ఞాపకమూ దాదాపు ఇదే తీరున నడుస్తుంది. మార్సియా జాన్సన్, షహీన్ హష్త్రూదీ, స్టీఫెన్ లిండ్సే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, ఒక విషయం గుర్తుండటం వేరు, అది ఎక్కడి నుంచి, ఎవరి ద్వారా తెలిసిందో గుర్తుండటం వేరు అని వివరించారు. ఈ రెండవదాన్ని వారు మూల నిర్ధారణ అన్నారు. మొదటిది గట్టిగా నిలిచి ఉన్నప్పుడు కూడా రెండవది సులువుగా తారుమారు కాగలదు. సమావేశంలో పని గురించి వివరించిన మనిషి గొంతు గుర్తున్న మేనేజరు, ఆ పని చేసింది కూడా ఆ మనిషేనని నిజాయితీగానే నమ్మవచ్చు.

సవరించబోయేవారు తమ లెక్కను కూడా ఒకసారి సరిచూసుకోవడం అవసరం. మైకేల్ రాస్, ఫియోరె సికొలీ 1979లో ప్రచురించిన అధ్యయనంలో భార్యాభర్తలను ఇంటిపనుల్లో తమ తమ వాటా ఎంతో విడివిడిగా అడిగితే, చాలా జంటల్లో ఇద్దరి వాటాలూ కలిపితే మొత్తాన్ని మించిపోయాయి. ఎవరి కష్టం వారికి ఎక్కువగా గుర్తుండటమే దీనికి ప్రధాన కారణమని వారు భావించారు. కాబట్టి చాట్‌లో వేలు పెట్టే ముందు టికెట్ చరిత్ర, కమిట్లు, పరీక్షల నమోదు ఒకసారి తెరిచి, తాను చేసినదేమిటి, సహోద్యోగి చేసినదేమిటి అని రెండు వాక్యాలు కాగితం మీద రాసుకోవాలి. రెండో వాక్యం రాయడం కష్టమనిపిస్తే సవరణ ఇంకా సిద్ధం కాలేదనే అర్థం.

దిద్దుకోనివ్వడం ఎందుకు

మనుషులు మాటల్లో దొర్లిన తప్పులను ఎలా సరిచేసుకుంటారన్న విషయంపై ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్, హార్వీ శాక్స్ కలిసి 1977లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. సంభాషణ విశ్లేషణ అనే శాఖకు, అంటే రికార్డు చేసిన నిజమైన మాటలను వరుస తప్పకుండా పరిశీలించే శాఖకు, అది పునాదిరాళ్లలో ఒకటి. వారు గమనించినదేమిటంటే, తప్పు పలికినవారు తామే దిద్దుకోవడం వైపే సంభాషణ మొత్తం మొగ్గు చూపుతుంది. విన్నవారికి తప్పు తెలిసినా వెంటనే అందుకోరు. ఒక క్షణం ఆగుతారు, అప్పటికీ దిద్దుకోకపోతే చాలాసార్లు ప్రశ్న రూపంలో, సందేహం రూపంలో తప్పు జరిగిన చోటును చూపించి, దిద్దే పనిని పలికినవారికే వదిలేస్తారు. ఇదంతా మంచితనం వల్ల జరుగుతోందని అనుకోనక్కర లేదు. ఎదుటివారే దిద్దితే ఆ సవరణే సంభాషణలో ప్రధాన విషయమై, జరుగుతున్న మాట ఆగిపోతుంది. తనంతట తాను దిద్దుకుంటే మాట ముందుకు సాగుతుంది.

జెఫర్సన్ తరువాతి కాలంలో మరో భేదాన్ని కూడా చూపారు. సవరణే పనిగా మాట ఆగితే దాన్ని బాహాటమైన సవరణ అని, జరుగుతున్న మాటలోనే సరైన విషయం ఇమిడిపోతే దాన్ని అంతర్లీన సవరణ అని చెప్పవచ్చు. ఒకరు ‘బుధవారం సమావేశంలో అనుకున్న తేదీ’ అన్నప్పుడు, ‘అవును, మంగళవారం సమావేశంలో అనుకున్న తేదీనే ఖాయం చేద్దాం’ అని రెండోవారు అంటే, ఎవరూ ఎవరినీ తప్పుపట్టకుండానే రోజు సరైపోతుంది. బాహాటమైన సవరణతో పాటు క్షమాపణో, సమర్థనో, ఎత్తిపొడుపో తోడుగా వస్తుందని, అంతర్లీన సవరణకు ఆ తోకలేవీ ఉండవని జెఫర్సన్ పరిశీలన. చిల్లరతనం అనిపించేది సాధారణంగా ఆ తోకల్లోనే ఉంటుందన్నది ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం.

నోటిమాటలోని ఈ సౌకర్యం చాట్‌లో కొంత దెబ్బతింటుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు సవరణకు దొరికే వ్యవధి క్షణాల్లో ఉంటే, చాట్‌లో సందేశం పడిన గంటలోపే దాని కింద చప్పట్ల బొమ్మలు, బొటనవేళ్లు, ‘అభినందనలు’ చేరిపోతాయి. అలా చేరిన ప్రతి అభినందనతో దిద్దుకోవలసినవారి సంఖ్య పెరుగుతుంది, మేనేజరు ఒక్కరే కాక ఆ పేరును నమ్మి అభినందించిన వారందరూ పొరపడినవారవుతారు. ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1955లోనే, నలుగురిలో మనిషి నిలుపుకోవాలనుకునే పరువు అతని ఒక్కడి సొత్తు కాదని, చుట్టూ ఉన్నవారు కలిసి కాపాడితేనే నిలిచేదని వివరించారు. మేనేజరు పరువును, మెప్పు పొందిన సహోద్యోగి పరువును, తన పరువును ఒకే మాటతో కాపాడవలసి రావడం వల్లనే ఈ సవరణ ఇంత ఇరకాటంగా ఉంటుంది. అభినందనలు పేరుకుపోకముందే, వీలైతే ఆ రోజే, దిద్దుకునే వీలు కల్పించడం మంచిదని చెప్పడానికి కారణం ఇదే.

ఒక థ్రెడ్‌ను దగ్గరగా చూస్తే

ఈ సూత్రాలు మాటల్లో ఎలా పనిచేస్తాయో తెలియాలంటే ఊహించిన ఒక ఉదాహరణను పూర్తిగా పరిశీలించాలి. ఒక సంస్థలో నెలాఖరు ఇన్‌వాయిసుల రిపోర్టు తయారు కావడానికి నలభై నిమిషాలు పడుతోందని, ఒక ఇంజినీరు దాని కారణాన్ని పట్టుకున్నదని అనుకుందాం. మూడు వేల ఇన్‌వాయిసుల జాబితాను ఒక్కసారి తెచ్చాక, ఒక్కో ఇన్‌వాయిసుకూ కస్టమరు వివరాల కోసం డేటాబేసును విడిగా అడుగుతున్నందువల్ల మొత్తం మూడు వేల ఒక్క ప్రశ్నలు వెళ్తున్నాయి. ఆమె ఆ రెండు పట్టికలనూ కలిపి ఒకే ప్రశ్నగా రాసింది, వెతుకులాట త్వరగా జరిగేలా కస్టమరు సంఖ్య మీద ఇండెక్స్, అంటే పుస్తకం చివరి పదసూచి లాంటి ఏర్పాటు, చేసింది. పాత రికార్డుల్లో కస్టమరు వివరం లేని కొన్ని ఇన్‌వాయిసులు ఉన్నందున, పట్టికలను కలిపేటప్పుడు అవి జారిపోకుండా జాగ్రత్త కూడా తీసుకుంది. రిపోర్టు మూడు నిమిషాల్లో రావడం మొదలైంది. సంక్రాంతికి ఆమె ఊరు వెళ్లినప్పుడు సహోద్యోగి ఒకరు ఆ మార్పులను ఒకే కమిట్‌గా కలిపి, రాత్రి పొద్దుపోయేదాకా దగ్గరుండి విడుదల చేసి, టికెట్ మూసేశారు.

ఫిబ్రవరి మొదటి సోమవారం, జనవరి రిపోర్టు సాఫీగా వచ్చిన సంతోషంలో మేనేజరు ఛానెల్‌లో, నెలాఖరు రిపోర్టు సమస్యను ఒంటిచేత్తో పరిష్కరించారంటూ ఆ సహోద్యోగికి కృతజ్ఞతలు చెప్పారు. అమెరికాలో ఉన్న డైరెక్టరు కూడా ఆ ఛానెల్‌లో ఉన్నారు. ఆమెకు మొదట తోచే జవాబు దాదాపు ఇలా ఉంటుంది.

‘సర్, అది నేను చేసిన పని. తను రిలీజు మాత్రమే చేశారు.’

ఈ రెండు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ లేకపోయినా చదివినవారికి ముల్లులా గుచ్చుకుంటుంది. అర్ధరాత్రి దాకా మేలుకున్న మనిషి కష్టాన్ని ‘మాత్రమే’ అన్న మాట నలుగురి ముందు తక్కువ చేసింది, మేనేజరును అందరి ముందు కాదనక తప్పని స్థితిలో నిలబెట్టింది, పైగా పేరు తప్ప పనికి పనికొచ్చే సమాచారం ఏదీ ఇవ్వలేదు. దీనికి భయపడి కొందరు రెండో కొసకు వెళ్తారు.

‘క్షమించండి సర్, చాలా చిన్న విషయమే, పట్టించుకోనక్కర్లేదు, కానీ ఆ మార్పు కొంత నేను కూడా చూశాను.’

ఇది వినయంగా కనిపించినా మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. చిన్న విషయమని రాసినవారే చెప్పాక చదివేవారు పెద్దదిగా ఎందుకు తీసుకుంటారు? ‘కొంత’, ‘కూడా’ అన్న మాటలు జరిగినదాన్ని తగ్గించి చెప్పడంతో సవరణే ఒక కొత్త పొరపాటుగా మారింది. కమిట్ల లంకెలు, తేదీలు, పాత సందేశాల తెరచిత్రాలు ఒకదాని కింద ఒకటి పేర్చే మూడో రకం జవాబు కూడా ఉంది. అది కోర్టు దావాలా కనిపిస్తుంది కాబట్టి ఎదుటివారు వాదనకే సిద్ధమవుతారు. ఆ ఆధారాలు దగ్గర ఉండటం అవసరమే, ఎవరైనా అడిగినప్పుడే వాటిని బయటపెట్టాలి.

మేలైన వరుస ఇలా ఉండవచ్చు. ముందుగా సహోద్యోగికి ఒక్క మాట రాయడం, వారితో సఖ్యత ఉంటే, అన్నింటికంటే సులువైన మార్గం. మెప్పు పొందినవారే తమ వాటాను సరిచేసి చెబితే దాన్ని ఎవరూ శంకించరు, చెప్పినవారి గౌరవమూ పెరుగుతుంది. ‘రిలీజు నేను చూశాను, క్వెరీ మార్పు ఆమెది’ అని ఆ సహోద్యోగి థ్రెడ్‌లో రాస్తే వ్యవహారం అక్కడితో పూర్తవుతుంది. వారు మొహమాటపడితే, లేదా అప్పటికి అందుబాటులో లేకపోతే, మేనేజరుకు విడిగా రాయాలి.

‘సర్, రిపోర్టు మెసేజ్ చూశాను. క్వెరీ మార్పు, ఇండెక్స్ నేను చేశాను. నేను సెలవులో ఉండటంతో రిలీజు తను చూసుకున్నారు. అదే థ్రెడ్‌లో మీరు ఒక లైను కలపగలరా? రిపోర్టులో ఏదైనా తేడా వస్తే అందరూ తననే అడుగుతారు.’

ఇందులో నింద లేదు, క్షమాపణ లేదు. జరిగినదేమిటో రెండు వాక్యాల్లోను, కావలసినదేమిటో మరొక వాక్యంలోను ఉన్నాయి, దిద్దే పని మేనేజరు చేతికే వెళ్లింది. ‘అదే థ్రెడ్‌లో’ అన్న మాట ముఖ్యమైనది, ఎందుకంటే మేనేజరు పాత సందేశాన్నే మార్చి పేరు సరిచేస్తే, స్లాక్‌లో దాని పక్కన మార్చినట్టు చిన్న గుర్తు పడుతుందే తప్ప అప్పటికే చదివేసినవారికి కొత్త సమాచారం అందదు. కొత్త జవాబుగా రాసి, థ్రెడ్‌లోని జవాబును ఛానెల్‌కు కూడా పంపే వీలును వాడితేనే మొదటి సందేశం చూసినవారు రెండోదాన్నీ చూస్తారు.

ఒక పనిరోజు గడిచినా మేనేజరు దిద్దకపోతే, లేక ‘పర్లేదులే, అందరం ఒకే టీమ్ కదా’ అని తేల్చేస్తే, అప్పుడు ఆమె స్వయంగా అదే థ్రెడ్‌లో రాయడంలో తప్పు లేదు. సహోద్యోగిని ఉద్దేశించి రాసే ఆ జవాబులో సవరణ ఇలా ఇమిడిపోవచ్చు.

‘పండగ రోజుల్లో అర్ధరాత్రి దాకా ఉండి రిలీజు చూసినందుకు మీకు చాలా థాంక్స్. క్వెరీ రాసేటప్పుడు కస్టమరు వివరం లేని పాత ఇన్‌వాయిసులు జారిపోకుండా విడిగా చూసుకున్నాను; దాన్ని ఎవరైనా మార్చాల్సి వస్తే ముందు నన్ను అడగండి, లేకపోతే నెలాఖరు మొత్తం తక్కువ చూపిస్తుంది. వివరాలు టికెట్‌లో రాశాను.’

ఈ జవాబు చదివిన డైరెక్టరుకు మూడు సంగతులు తెలుస్తాయి. రిలీజు ఎవరు చేశారో తెలిసింది, క్వెరీ ఎవరు రాశారో తెలిసింది, వచ్చే నెల రిపోర్టులో మొత్తం తేడా వస్తే ఎవరిని అడగాలో తెలిసింది. మేనేజరు చెప్పింది తప్పు అన్న మాట ఎక్కడా లేదు. పాత ఇన్‌వాయిసుల హెచ్చరిక నిజంగా అవసరమైన సమాచారం కాబట్టి, ఆమె పేరు ఆ సమాచారంతో పాటు సహజంగానే వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. సవరణను కప్పిపుచ్చడానికి లేని అవసరాన్ని కల్పిస్తే చదివేవారు ఇట్టే పసిగడతారు, అప్పుడు అది బాహాటంగా అడగడం కంటే అల్పంగా కనిపిస్తుంది. చెప్పదగ్గ పని వివరం ఏదీ లేనప్పుడు సూటిగా ఒక్క వాక్యంలో చెప్పడమే మర్యాద.

అంతర్లీన సవరణకు మరో పరిమితి కూడా ఉంది. అది ఎంత లోపలికి ఇమిడిపోతుందంటే ఒక్కోసారి ఎవరి కంటా పడదు. పంపే ముందు, ఈ పని గురించి ఏమీ తెలియని మనిషి ఈ థ్రెడ్ ఒక్కటే చదివితే క్వెరీ ఎవరు రాశారని చెబుతారో ఊహించుకోవాలి. పై జవాబులో ‘చూసుకున్నాను’, ‘నన్ను అడగండి’ అన్నవి తీసేసి ‘జాగ్రత్తలు తీసుకోవడం జరిగింది’ అని రాస్తే వాక్యం మర్యాదగానే ఉంటుంది గానీ అందులో కర్త ఉండడు, పొరపాటు ఉన్నచోటే ఉంటుంది.

ఈ పద్ధతి పనిచేయని చోట్లు

సేవారంగ సంస్థల్లో కొన్ని ఛానెళ్లలో క్లయింటు ప్రతినిధులు కూడా ఉంటారు. అలాంటి చోట బహిరంగంగా సవరించకపోవడమే సబబు, ఎందుకంటే అక్కడ కదిలేది సంస్థ మాట మీద ఉన్న నమ్మకం. మేనేజరుకు విడిగా చెప్పి, సంస్థ లోపలి ఛానెల్‌లో లేదా మెయిల్‌లో సరిచేయమని కోరడం చాలు. అలాగే సర్వర్లు ఆగిపోయి అందరూ పరుగెత్తుతున్న ఛానెల్‌లో పేరు గురించి రాయకుండా, సమస్య తీరాక రాసే నివేదికలో సరిచేయవచ్చు. తన వాటా నిజంగా చిన్నదైనప్పుడు, ఒక సలహా ఇచ్చి ఊరుకున్నప్పుడు, మాట్లాడకుండా ఉండటం కూడా సరైన నిర్ణయమే. వారాల తర్వాత గుర్తొచ్చిన పొరపాటును పాత థ్రెడ్ తవ్వి దిద్దడం కంటే, వ్యక్తిగత సమావేశంలోనో స్వీయ మదింపు పత్రంలోనో టికెట్ సంఖ్యతో సహా నమోదు చేయడం మేలు.

మహిళల విషయంలో మౌనానికి చెల్లించే మూల్యం ఎక్కువ. మాడలిన్ హైల్మన్, మిషెల్ హేన్స్ 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, స్త్రీ పురుషులు జంటగా చేసిన పని విజయవంతమైనప్పుడు, ఎవరి వాటా ఎంతో స్పష్టంగా లేని సందర్భాల్లో స్త్రీకి తక్కువ మార్కులు పడ్డాయి. ఆమె చేసినదేమిటో సందేహానికి తావులేకుండా తెలిసినప్పుడు ఆ వివక్ష కనిపించలేదు. ‘అందరం ఒకే టీమ్’ అన్న మాట పైకి సమానత్వంలా వినిపించినా, ఆ అస్పష్టత బరువు అందరి మీదా సమానంగా పడదన్నమాట. కాబట్టి ఎవరు ఏం చేశారో స్పష్టంగా రాయమని ఒక మహిళా ఇంజినీరు కోరితే దాన్ని పేరు కోసం ఆరాటంగా లెక్కగట్టడం అన్యాయం.

మేనేజరు తెలిసే చేస్తున్నప్పుడు, ముఖ్యంగా కింది ఉద్యోగి పనిని పదేపదే తన పేరిట చెప్పుకుంటున్నప్పుడు, ఈ సున్నితమైన పద్ధతి చాలదు. దిద్దుకోవాలన్న కోరిక అవతలి మనిషిలో ఉంటేనే అది పనిచేస్తుంది. ఒకసారి జరిగితే పొరపాటు అనుకోవచ్చు, విడిగా చెప్పాక కూడా మళ్లీ మళ్లీ జరిగితే అది అలవాటు. అప్పుడు చాట్‌లో పోరాడటం దండగ. తేదీ, పని, ఎవరు ఏం చేశారు, చాట్‌లో ఏం రాశారు అన్న నాలుగు వివరాలతో ఒక పట్టిక సిద్ధం చేసుకుని ముందు మేనేజరుతోనే ముఖాముఖి మాట్లాడాలి, అక్కడ తేలకపోతే వారి పై అధికారి దగ్గరికి వెళ్లాలి.

పేరు రికార్డులో పడటానికీ పడకపోవడానికీ మధ్య తేడా ఎంతటిదో తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెబుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించడంలో పాలుపంచుకున్నారు. 1925లో ఇద్దరి పేర్లతోనూ అచ్చయిన ఆ పద్ధతిని జీవరసాయన శాస్త్ర ప్రయోగశాలలు ఈనాటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తాయి. సుబ్బారావు వేరుచేసిన మరికొన్ని పదార్థాల సంగతి ఫిస్కే బయటికి రానివ్వనందున, వాటిని చాలా ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పినట్టు ప్రసిద్ధి. సుబ్బారావు తన పేరు కోసం గట్టిగా అడిగే స్వభావం ఉన్నవారు కారు. ఆ పని మరుగున పడటం వల్ల ఆయన ఒక్కరే నష్టపోలేదు, ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయవలసిన శాస్త్రమూ నష్టపోయింది.

ఇంతదాకా చెప్పినదంతా సవరించేవారి బాధ్యత గురించే అయినా, ఈ భారమంతా నిజానికి వారి మీద పడకూడనిది. కృతజ్ఞత చెప్పబోయే మేనేజర్లు సందేశం పంపే ముందు టికెట్ చరిత్రను ఒకసారి తెరిచి, ‘ఇందులో ఎవరెవరు ఏయే పని చేశారు?’ అని బృందాన్ని ఒక్క ప్రశ్న అడిగితే ఈ సమస్యల్లో చాలా భాగం పుట్టనే పుట్టదు. అయినా పొరపాటు జరిగి ఎవరైనా విడిగా చెప్పినప్పుడు, ‘నిజమే, ఇప్పుడే సరిచేస్తాను’ అని ఆ రోజే, ఆ థ్రెడ్‌లోనే, వారి పేరు రాయాలని మేనేజర్లందరికీ విజ్ఞప్తి.